ఆధారం గడిలో పేరు

గవర్నర్‌పేటలో మూడో అంతస్తు, నాలుగు కంప్యూటర్లు, కింద బస్సుల హారన్లు. కృష్ణా జిల్లా ఎండుచేపలు, పచ్చళ్ళు, అప్పడాలు కొని ఇంటర్నెట్‌లో హైదరాబాదు వాళ్ళకి అమ్మే కంపెనీ మాది. 2008లో అదో వింత. ఒక్కో సరుకు గురించి అరవై మాటల్లో రాయడం నా పని. మూడు నెలలు ఇంటర్న్‌గా చూసి, నచ్చితే ఉద్యోగం ఇస్తామన్నారు.

పత్రికలో ఇరవయ్యేళ్ళు పనిచేసి వచ్చిన ఛాయాదేవి గారు నా రాతలు దిద్దేవారు. మొదటి రోజే ఎర్ర పెన్ను తీశారు. "ఆవకాయ దగ్గర కొనేవాళ్ళని మీరు అన్నావు, అప్పడాల దగ్గర నువ్వు అన్నావు. సైటంతా ఒక్క మనిషే మాట్లాడుతున్నట్టుండాలమ్మా. అద్భుతం, అమోఘం తీసెయ్. ఎంత బరువో, ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పు."

ప్రతి సరుకు పట్టిక చివర 'ఆధారం' అని ఒక గడి ఉండేది. రాసిన విషయం ఎవరు చెప్పారో వాళ్ళ పేరు, ఊరు, తేదీ అందులో వెయ్యాలి. "నాకు తెలుసండీ" అంటే ఆవిడ ఒప్పుకోరు.

ఎండు నెత్తళ్ళ దగ్గర, వేలెడంత కూడా ఉండని ఆ చిన్న చేపల దగ్గర, చిక్కొచ్చింది. ఓనరు బసవపున్నయ్య గారు పంపిన కాగితంలో 'ఇసుక తగలకుండా వలల మీద ఎండబెట్టినవి' అని ఉంది. అది అబద్ధమని నాకు తెలుసు. ఎందుకంటే ఆ నెత్తళ్ళు మా అమ్మ సన్యాసమ్మవి. బందరు అవతల మా ఊరి ఒడ్డున, ఇసుకలోనే ఎండబోస్తుంది. ఆర్నెల్లుగా కంపెనీ వ్యాను వారం వారం వచ్చి, షావుకార్ల కంటే మంచి ధరకి తీసుకెళ్తోంది. ఆమె కూతుర్నని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అమ్మని కూడా చెప్పొద్దన్నాను. చేపల వాసన పక్కసీటుకి తెలుస్తుందని సిగ్గు. ఆ సిగ్గుని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కంపరం.

ఇసుక వస్తోందని కొన్నవాళ్ళు అప్పటికే రెండు ఉత్తరాలు రాశారు. నిజం రాస్తే అందరికీ మేలనుకున్నాను. 'సముద్రపు ఒడ్డున ఇసుక మీద ఎండబెట్టినవి. ఉప్పు కలపలేదు. వండే ముందు తలలు తీసి, నాలుగైదు నీళ్ళలో కడగండి.' ఆధారం గడిలో అమ్మ పేరే వేశాను. వేరే ఎవర్ని అడగను? పైగా, ఆమె పేరు ఒక పట్టికలో ఎక్కిందని లోపల కాస్త గర్వం కూడా.

ఛాయాదేవి గారు చదివి, "ఇదీ రాయడమంటే," అన్నారు. ఆ మాటకి నేను రోజంతా నేల మీద నడవలేదు.

మర్నాడు బసవపున్నయ్య గారు ఆ కాగితం పట్టుకొచ్చారు. "కడగండి అంటే మన సరుకు మురికని మనమే చెప్పినట్టు కాదా?"

"ఉన్నది రాసిందండీ," అన్నారు ఛాయాదేవి గారు. "రాతన్నా మారాలి, సరుకన్నా మారాలి."

"అయితే సరుకే మారుద్దాం." ఆయన గడిలో పేరు చూశారు. "సన్యాసమ్మ. ఈవిడ దగ్గర ఆపేయండి. వన్ టౌన్లో ఎండుచేపల షావుకారు నాగబాబు దగ్గర తీసుకుందాం. వలల మీదే ఎండబెడతారని చెప్పాడు."

మా అమ్మండీ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఛాయాదేవి గారు మెచ్చుకోలుగా నా భుజం తట్టారు. ఆవిడ లెక్కలో నిజం గెలిచింది.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. వ్యాను రాలేదంది. నెత్తళ్ళు ఉంచితే పురుగు పడతాయని వన్ టౌన్లో నాగబాబుకి సగం ధరకి వేసేశానంది.

అంటే అవే నెత్తళ్ళు. అదే ఇసుక.

సోమవారం నాకు ఉద్యోగం ఖాయం చేస్తూ కాగితం ఇచ్చారు. నిజానిజాలు చూసి రాస్తానని అందులో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మొదటి పని నెత్తళ్ళే. ఇప్పుడు నాకు తెలిసింది చెబితే, చెప్పిందెవరని అడుగుతారు. మళ్ళీ ఆమె పేరే చెప్పాలి. అప్పుడు నాగబాబు కూడా కొనడు. ఇలా అనుకున్నాను. నా ఉద్యోగం గురించి కూడా అనుకున్నానని చెప్పకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది.

'ఇసుక తగలకుండా వలల మీద ఎండబెట్టినవి' అని రాశాను. సరిగ్గా అరవై మాటలు. ఆధారం: నాగబాబు, వన్ టౌన్. ఛాయాదేవి గారు ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు.

సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది. ఉద్యోగం సంగతి చెబితే సంబరపడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"వ్యాను డ్రైవరు చెప్పాడే. ఆఫీసులో ఎవరో నా పేరు రాసి మరీ ఇచ్చారంట, ఇసుకలో ఎండేస్తానని. నేనెవరికేం అపకారం చేశానే? నువ్వు అక్కడే ఉంటావుగా, ఎవరో కాస్త కనుక్కో అమ్మా."

"కనుక్కుంటానమ్మా," అన్నాను.