కోస్తే పెరిగే గడ్డ

కళావతి నా కంసాలి కొట్టు ముందు నిలబడి కాలి చెప్పు తీసింది. తీసిందే గానీ ఇంకా కొట్టలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, ఎదురు చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు అందరూ తలలు తిప్పారు. మా పాతబస్తీ శాలిబండలో లొల్లి అంటే పనులు మానుకుని చూసేవాళ్ళకి కొదవ లేదు.

"ఏమయ్యా అవుసలి! నా బిడ్డ చెవిని ఏం జేసినవ్? బయటికి రా!"

ఆమె మున్సిపల్ ఆఫీసులో అటెండరు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. వెనక కూతురు సోనీ, ఇరవై ఏళ్ళ పిల్ల, జుట్టంతా కుడిచెవి మీదికి లాక్కుని నేల చూస్తోంది. కళావతి ఆ జుట్టు పక్కకు లాగి చెవిని బజారుకు చూపించింది. పైచెవి అంచున రేగుపండంత గడ్డ. నున్నగా, ఎర్రగా మెరుస్తోంది.

"రోల్డుగోల్డు తీగ పెట్టి కుట్టినవ్! సిలుం పట్టిన సూది పెట్టినవ్!"

నాకు కోపం నషాళానికెక్కింది. నలభై ఏళ్ళుగా చెవులు కుడుతున్నాను. తల్లికి కుట్టాను, ఆ తల్లి బిడ్డకీ కుట్టాను. బాలనర్సింహ చెయ్యి తేలిక అని దబీర్‌పురా నుంచి కూడా వస్తారు. నా చేతిలో రోల్డుగోల్డా?

"నోరు మంచిగ పెట్టుకో కళావతమ్మా. పద్నాలుగు నెలల కింద కుట్టిన. అచ్చమైన బంగారు తీగ. చిన్నప్పుడు గదే పిల్లకు కింద రెండు చెవులు నేనే కుట్టిన. గవ్వి మంచిగనే ఉన్నయి గద! నీ పిల్ల ఒళ్ళే గట్లాంటిది, నన్నేం అంటవ్?"

"నా పిల్ల ఒంటికి పేర్లు పెడ్తవారా, ముసలోడా!"

చెప్పు ఈసారి పైకి లేచింది. చాయ్ హోటల్ అతను వచ్చి అడ్డం పడ్డాడు. ఇద్దరు కుర్రవాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. నేను కూడా తక్కువ తినలేదు, తిడుతూ ఆమె అత్తగారిదాకా వెళ్ళాను.

అయితే ఒక్క మాట మాత్రం బజారులో అనలేదు. అది ఇక్కడ చెప్పేస్తాను, దాచి ఏం లాభం. కుట్టిన నాలుగో నెలలో సోనీ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. కుట్టిన చోట శనగగింజంత గడ్డ లేచింది, దురదగా ఉంది అంది. మా పనిలో నగ మీద ఎక్కడైనా అదనంగా లోహం నిలిస్తే ఆకురాయితో గీకి సాపు చేస్తాం. నాకు చెవి కూడా అలాగే కనపడింది. బ్లేడు మంటలో కాల్చి గడ్డ కోసేశాను. నెత్తురు ఆగడానికి వేడి తీగ తాకించి పసుపు అద్దాను. "అరవకు బిడ్డా, బజారుల నా పేరు పోతది. అమ్మకు గూడ చెప్పకు" అన్నాను. ఆ పిల్ల పళ్ళు బిగపట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల్లో గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి శనగగింజతో ఆగలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

"ఇగో చెప్తున్న, విను," అంది కళావతి. "పదిరోజులల్ల నా బిడ్డకు హోటల్ల రిసెప్షన్ ట్రైనింగ్ ఉంది. జుట్టు వెనక్కు ముడేసుకోవాల్నట. గందుకే శుక్రవారం లేజర్ క్లినిక్ల గడ్డ కోపిస్తున్న. ఒక్కరోజుల సాఫ్ అయితదని గక్కడి డాక్టరన్నడు. దానికంటే ముందు రేపు సర్కారు దవాఖాన్ల చూపించి, నీ వల్లనే అయిందని రాపిచ్చి నిన్ను పోలీస్ స్టేషన్ ఎక్కిస్త."

"నడువు! నేను గూడ వస్త! నా తప్పు లేదని గదే డాక్టర్‌తోని చెప్పిస్త!"

నోరు జారాను. బజారంతా విన్న తర్వాత వెనక్కి తీసుకోవడం ఎలా?

తెల్లారి ముగ్గురం ఒకే షేరాటోలో వెళ్ళాం. కళావతి నన్ను డ్రైవర్ పక్కన అరచెక్క మీద కూర్చోబెట్టి, దారిపొడుగునా పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు నా గుణగణాలు వర్ణించింది. దిగేసరికి ఆ ఆవిడ కూడా నన్ను ఉరిమి చూసింది.

చర్మం ఓపీలో డాక్టరమ్మ పేరు నీహారిక. మాట వింటే కోస్తా వైపు మనిషని తెలుస్తోంది. కుట్టింది నేనేనని, నా వల్లే అయిందని రాసివ్వమని కళావతి చెప్పిందంతా విని, సోనీ జుట్టు రబ్బరుబ్యాండుతో కట్టించి, గడ్డను వేళ్ళతో నొక్కి, చుట్టూ చూసింది.

"దురద ఉందా అమ్మా? నొప్పి?"

"ఉన్నయి మేడం. రాత్రి ఆ పక్కకు పండుకోలేను."

"దీనికి ఇంతకుముందు ఏమైనా చేయించావా? కోయించడం, కాల్చడం, దారం కట్టడం?"

సోనీ ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను గోడ మీది కాగితం చదువుతున్నట్టు నటించాను.

"ఏం చెయ్యలే మేడం," అంది.

డాక్టరమ్మ కళావతి వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా లావుగా మచ్చలున్నాయా?"

"ఎవ్వలకు లేవు."

"మీ ఎడమ భుజం చూపించండి."

కళావతి జాకెట్టు చెయ్యి విసుగ్గా పైకి లాగింది. చిన్నప్పటి టీకా మచ్చ. మామూలుగా పైసాబిళ్ళంత ఉండాల్సింది, పీత కాళ్ళు చాచినట్టు నాలుగు వైపులా లావుగా పాకింది.

"గిది టీకాది. మాయదారి సూదితోని అయింది," అంది కళావతి, కొంచెం గొంతు తగ్గించి.

"సూదిది కాదమ్మా, చర్మానిది. మీ అమ్మాయిది కూడా అదే. దీన్ని కెలాయిడ్ అంటారు. కొన్ని కుటుంబాల్లో ఈ గుణం ఉంటుంది. ఎంత శుభ్రంగా కుట్టినా రావచ్చు. పసితనంలో కుట్టినప్పుడు రాకపోయినా వయసొచ్చాక కుట్టిస్తే రావచ్చు. కుట్టిన చోటే వచ్చినా, ఇతని తప్పు వల్లే వచ్చిందని నేను రాయలేను."

కళావతి వైపు మెడ తిప్పి కళ్ళెగరేశాను. ఈ మాట బజారులో మైకు పెట్టి చెప్పిస్తాను అనుకున్నాను. ఆవిడ ముఖం వాడిపోయింది. అబద్ధం ఎందుకు, నాకు మస్తు ఖుషీ అయింది.

కానీ కళావతి ఊరుకునే మనిషా? "సరే తియ్యిండ్రి. శుక్రవారం ఎట్లైనా కోపిస్తున్న, పీడ పోతది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "ఎవరు చెప్పారు? కోసి ఊరుకుంటే సగం మందికి పైగా తిరిగి వస్తుంది. చాలాసార్లు ముందుకంటే పెద్దగా వస్తుంది."

"ఎందుకొస్తది? మా ఆఫీసుల ఒకామెకు కాన్పు కుట్లు గిట్లనే ఉబ్బినయి. ఏడాదిల వాటంతటవే అణిగినయి."

"అవి కోసిన గీత మీదే ఉబ్బి ఉంటాయి, గీత దాటి ఉండవు. అలాంటివి నెమ్మదిగా అణుగుతాయి. ఇది చూడండి, కుట్టింది సూదిమొనంత. పాకింది ఎంత? గాయం హద్దు దాటి పెరిగేది దానంతట అది పోదు. కొత్తగా కోస్తే దానికి అది ఇంకో గాయం."

"మరి మందేంది?" అంది సోనీ. ఆ గదిలోకి వచ్చాక తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్, మూడు నాలుగు వారాలకోసారి. చాలాసార్లు తీసుకోవాలి, నొప్పి ఉంటుంది. మెత్తబడి తగ్గుతుంది, దురద పోతుంది. చుట్టూ చర్మం కొంచెం తెల్లబడొచ్చు, పల్చబడొచ్చు. ఆ తర్వాత కూడా మిగిలితే అప్పుడు కోస్తాం. కోసిన వెంటనే మళ్ళీ ఇంజెక్షన్లు, నెలల తరబడి చెవిని అదిమిపట్టే క్లిప్పు. కొందరికి రేడియేషన్ కూడా. అప్పుడు కూడా గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పది రోజుల్లో మాత్రం ఏదీ పోదు."

"గట్లయితే ట్రైనింగ్?" కళావతి లేచి నిలబడింది. "ఆ క్లినిక్ల గ్యారంటీ అని కాయితం గూడ ఇస్తమన్నరు! మీరు ఫికర్ పెడ్తున్నరు. దీన్ని ఇంతదాంక ఎవ్వలు కోసింది లేదు, మళ్ల వస్తదని మీకెట్ల ఎరక? పా సోనీ. శుక్రవారం పోతున్నం."

సోనీ లేచింది. తల్లిని కాదనే పిల్ల కాదు. నా వైపు చూడలేదు కూడా.

నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. నిర్దోషిని అని డాక్టరే చెప్పింది. ఒక్క అడుగు పక్కకు వేస్తే శాలిబండలో నా పేరు అలాగే మెరుస్తుంది. కానీ ఆ పిల్ల మళ్ళీ కత్తి కింద తల పెడుతుంది. శనగగింజ రేగుపండైంది. రేగుపండు ఏమవుతుందో నాకు మాత్రమే తెలుసు. ఎందుకు నోరు తెరిచానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"నేను కోసిన," అన్నాను.

"ఏంది?"

"నేను కోసిన కళావతమ్మా. పది నెలల కింద. శనగగింజంతనే ఉండె. బ్లేడుతోని కోసి, తీగతోని కాల్చిన. గది మళ్ల లేచి గింత అయింది. మళ్ల కోపియ్యకు."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "మీరా? ఎవరిచ్చారు మీకు హక్కు?" అంది. అంతకు మించి అనడానికి కళావతి అవకాశం ఇవ్వలేదు. చెంప మీద పడింది దెబ్బ. నా కళ్ళద్దాలు ఎగిరి బల్ల కింద పడ్డాయి. రెండోది వీపు మీద. వార్డుబాయ్ వచ్చి పట్టుకునేసరికి నాలుగైదు పడ్డాయి. నేను చెయ్యి ఎత్తలేదు.

"నిన్ను బజారుల నిలబెడ్త! నీ కొట్టు ముంగట రోజు కూసుంట! ఒక్క పిల్ల చెవి నీ చేతికి రానియ్య!"

ఆ మాట నిలబెట్టుకునే మనిషే. నిలబెట్టుకుంది కూడా, కానీ అది తర్వాతి సంగతి. అప్పటికప్పుడు ఫోన్ తీసి క్లినిక్‌కి కొట్టింది. శుక్రవారం రామని చెప్పి, గ్యారంటీ కాగితం ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పింది. వరండా అంతా విన్నది.

సోనీ, తల్లి కోసం ఆగకుండా వెళ్ళి కుర్చీలో కూర్చుని, "ఇంజెక్షన్ ఇయ్యిండ్రి మేడం," అంది. సూది గడ్డలోకి దిగుతుంటే ఆ పిల్ల అరిచింది. గట్టిగా, బయట వరుసలో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడేలా అరిచింది.

బయటికి వచ్చాక కూడా జుట్టుకు కట్టిన రబ్బరుబ్యాండు తియ్యలేదు. చెవి అలాగే అందరికీ కనపడుతోంది. నేను కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఎదురు వెళ్ళాను.

"మాఫ్ చెయ్ బిడ్డా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు కోసిననాడు గూడ గింతే నొప్పి అయింది తాతా. నీ పేరు పోతదని అరవలే."

ఆటో దగ్గర నుంచి కళావతి కేకేసింది, ఆ పిల్ల వెళ్ళిపోయింది.