పక్కన ఆగిన మాటలు

అనకాపల్లి గవరపాలెంలో మంగవేణి కుట్టుమిషను నడిచినంత సేపే ఆ ఇంట్లో చప్పుడు. మిషను ఆగితే ఫ్యాను తప్ప ఇంకేమీ వినిపించదు. భర్త పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. చెల్లెలి కూతురు హైమ ఆదివారాలు వచ్చి పోతుంటుంది. మిగతా ఆరు రోజులూ ఆవిడతో మాట్లాడే దిక్కు ఆ సెల్లే.

జాకెట్టు కటింగు నేర్పే ఛానల్ పెట్టించింది హైమే. పాత పేపరు పరిచి, టేపు మెడలో వేసుకుని, "చంక దగ్గర అరంగుళం వదలండి, మర్చిపోయారో చెయ్యి పైకి లేవదు" అని మంగవేణి చెబుతుంటే నాలుగు ఊళ్ల ఆడవాళ్లు వింటారు. విని ఊరుకోరు, రాస్తారు. అక్కా, డాటు కుట్టు దగ్గర ముడత పడుతోంది, ఏం చెయ్యాలి? అమ్మా, పండక్కి నీ కొలతతోనే కుట్టుకున్నాను. అందరికీ పేరుపేరునా జవాబు ఇచ్చేది. వాళ్లలో ఖరగ్‌పూర్ దమయంతి ఒకావిడ. రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాస్తుంది. కుట్టదు, నేర్చుకోదు కూడా. మోకాళ్లు పట్టేసి మంచం దిగలేదట. ప్రతి శనివారం ఒకటే మాట. తిన్నావా అమ్మా? నీ గొంతు వింటే ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది.

జాకెట్టు వీడియో అన్నాక మగవెధవలు రాకుండా ఉంటారా? వచ్చారు. కొలతల మీద కూతలు కూశారు, అప్పుల ప్రకటనలు అంటించారు, అడ్డమైన ఫోన్ నెంబర్లు పెట్టారు. హైమ కూర్చుని ఒక జాబితా తయారుచేసింది. ఏ తిట్టు ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలూ, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగుసార్లు, మధ్యలో చుక్కలు పెట్టి ఇంకోసారి, కామాలతో విడదీసి సెట్టింగుల్లో పెట్టింది.

"ఈ మాటలుగాని, వీటికి దగ్గరగా ఉన్నవిగాని ఎవడైనా రాస్తే ఎవరికీ కనపడదు పెద్దమ్మా. నీకూ కనపడదు. పక్కన ఆగిపోద్ది. రాసినోడికి కబురు కూడా వెళ్లదు. వారానికోసారి అక్కడ సూసుకో, మంచిదేమైనా చిక్కుకుంటే బయటికి ఒగ్గెయ్. అరవై రోజులే ఉంటాయి అక్కడ, తర్వాత పోతాయి."

"మురిక్కాలవలోకి తొంగి సూడమంటావేటే? నాకేటి పని?" అంది మంగవేణి. చూడలేదు కూడా.

అంతటితో ఆగితే బాగానే ఉండేది. కానీ ఆ వెధవలకి తెలివి ఎక్కువ. దసరా మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని సెల్ తెరిస్తే పదకొండు తిట్లు. తెలుగు అక్షరం ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు మూడు కలిపి "అmma" అని రాసి, జాబితాకి దొరక్కుండా దాటించారు. దానికి తగిలించిన మాటలు మనుషులు అనేవి కావు. మంగవేణి తల్లి పోయి ఇరవై ఏళ్లు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఆ తల్లిని అంత మాట అంటుంటే ఒళ్లు మండిపోయింది. ఏడ్చింది కూడా. పదకొండింటిలోనూ ఉన్నది ఆ ఒక్క మాటే కదా అనుకుని, తనే సెట్టింగులు తెరిచి ఎక్కించింది. అమ్మ, అమ్మా, అmma, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలు. కూతలు కూసేవాళ్లలో సగంమంది "అక్కా" అనే మొదలెడతారు గనక అదీ అన్ని రకాలుగా పెట్టింది. పెద్ద పని ముగించినట్టు ఊపిరి పీల్చుకుంది.

తిట్లు ఆగిపోయాయి. గొప్పగా అనిపించింది వారం రోజులు.

తర్వాత మిగతావాళ్లూ ఆగిపోయారు. సూపర్ అని ఒకడు, దణ్ణం పెట్టే బొమ్మ ఒకటి, అంతే. వాటికి తనూ దణ్ణం బొమ్మే పెట్టేది. దమయంతి శనివారాలు రెండు దాటాయి, మూడు దాటాయి. మంచంలో ఉన్న మనిషి, ఏమైందో ఏమో అని గుబులు పట్టుకుంది. ఆ తర్వాత, అందరూ ఒకేసారి పోయారంటే లోపం నాలోనే ఉంది అనుకుంది. నా మాట ముసలిదైపోయింది, కొత్త పిల్లలు బాగా చెబుతున్నారు, నన్నెవరు చూస్తారు? మంగవేణికి ఎవరి మీదా కోపం రాలేదు, అదే ఎక్కువ బాధ. టేపు మెడలో వేసుకుని కెమెరా ముందు కూర్చుంటే గోడకి పాఠం చెబుతున్నట్టుండేది.

ఆదివారాలు వచ్చిపోయే హైమకి అన్నాళ్లూ ఏమీ చెప్పకుండా దాచుకుని, మార్గశిర మాసం చివర్లో ఒక ఆదివారం సెల్ చేతికిచ్చింది.

"మూసెయ్యే దాన్ని. ఇంక నావల్ల కాదు."

"ఏటైంది పెద్దమ్మా?"

"ఎవలూ నేరే. డెబ్బై రోజులైంది, ఒక్కర్తి పలకరించినేదు. సిగ్గొదిలి ఎన్నాళ్లు వాగను?"

హైమ సెల్ తిప్పి చూసింది. చూసేవాళ్ల లెక్క తగ్గలేదు, పైగా పెరిగింది. ఇదేమిటని సెట్టింగుల్లోకి వెళ్లి జాబితా చివరికి జారి, అక్కడున్న మాటలు ఆవిడకి చూపించింది.

"పెద్దమ్మా! అమ్మ, అక్క పెట్టేసినావేటి?"

"తిట్టినోళ్లందరూ ఆ మాటే కదే అంటన్నారు."

"తిట్టినోళ్లేనా అంటారు? నిన్ను పిలిసినోళ్లు మరేటంటారు?"

హైమ పక్కన ఆగినవాటిని తెరిచింది. ఆరువందల పైచిలుకు. తిట్లు ఉన్నాయి, లేకపోలేదు, యాభయ్యో అరవయ్యో. మిగతావన్నీ అక్కా డాటు, అక్కా కాజా, అమ్మా లైనింగు. ఏం అక్కా, జవాబు లేదేం అని తుని నుంచి ఒక పిల్ల. నేనేమైనా తప్పుగా అడిగానా అక్కా అని పాలకొండ నుంచి ఒకావిడ.

దమయంతివి ఎనిమిది. మొదటి రెండు శనివారాలవీ గడువు దాటి పోయాయి, వాటిలో ఏం రాసిందో ఇంక తెలియదు. ఉన్నవి హైమ చదివి వినిపించింది. తిన్నావా అమ్మా? పని ఎక్కువగా ఉందా అమ్మా? ఈ వారం కూడా పలకలేదు. నా మీద కోపమా అమ్మా? మిగతావాళ్లకి దణ్ణాలు పెడుతున్నావు, నన్నే వదిలేశావు. ఆఖరిది ఎనిమిది రోజుల కిందటిది. నేను విసిగిస్తున్నట్టున్నాను, ఇంక రాయను, నువ్వు మాత్రం మాట్లాడటం మానకు అమ్మా.

"ఆపే," అంది మంగవేణి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను గోడకి చెబుతున్నానని ఏడ్చిన రోజుల్లో ఆవిడా అక్కడ గోడకే చెప్పుకుంది. మధ్యలో ఆ గోడ కట్టింది తనే.

ఇద్దరూ కూర్చుని సాయంత్రం దాకా ఒక్కొక్కటీ వదిలారు. అమ్మ, అక్క జాబితాలోంచి తీసేసి, వాటి చోట ఆ తిట్లని పూర్తి మాటలుగా పెట్టింది హైమ. కొన్ని తప్పించుకుని వస్తాయని కూడా చెప్పింది. దమయంతి ఆఖరి మాట కింద మంగవేణి ఒక వేలితో వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. కోపం లేదమ్మా, నీ మాట నాకు చేరలేదు, తప్పు నాదే, తిన్నావా?

జవాబు రాలేదు. ఆ శనివారం రాలేదు, తర్వాతి శనివారమూ రాలేదు. తుని పిల్ల తిరిగొచ్చింది, పాలకొండ ఆవిడ కాస్త బెట్టు చేసి వచ్చింది. వెధవలూ వచ్చారు.

మరో ఆదివారం హైమ వచ్చేసరికి మంగవేణి కళ్లజోడు పెట్టుకుని, పక్కన ఆగినవాటిని ఒకటొకటే చదువుతోంది.

"ఆ సెత్తంతా సదవడమెందుకు పెద్దమ్మా? ఏడుస్తావు మళ్లీ."

"ఏడిస్తే ఏడుస్తాన్లే. ఆవిడ రాస్తే మళ్లీ ఇక్కడ చిక్కుకోకూడదు కదా," అని మంగవేణి తర్వాతి తిట్టు తెరిచింది.