నాచారం మిషన్ ఇవ్వని ఇరవై వేలు

తిరుపతికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కడే ఉండిపోతే ఎవరికీ ఏ బాధా లేదు, కానీ అది చేతుల్లోకి దిగుతుంది. ఆ శనివారం షెడ్డులో ఇనుప పైపు పట్టుకుని మరీ దిగింది, బామ్మర్ది రంజిత్ వీపు మీద.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ ఇద్దరూ కలిసి గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు నడుపుతున్నారు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంది. కార్డు రంజిత్ జేబులో ఉంటుంది, బ్యాంకు మెసేజీలు తిరుపతి ఫోనుకు వస్తాయి. లెక్కలూ, షెడ్డు ఈమెయిలూ చూసేది కావ్య. తిరుపతికి పెళ్ళాం, రంజిత్‌కు అక్క. ఒకరి మీద ఒకరి కన్నుంటుందని, భలే కుదిరిందని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకున్న వాళ్లలో ఒక్కరైనా ఆ రోజు అడ్డం పడడానికి అక్కడ లేరు.

జరిగింది ఇంతే. పనివాళ్లకు కూలి ఇవ్వాలని రంజిత్ నాచారం చౌరస్తా దగ్గరి ఏటీఎంకు వెళ్లి ఇరవై వేలు కొట్టాడు. మిషన్ గరగరమంది గానీ నోట్లు రాలేదు, చీటీ కూడా రాలేదు. ఖాతాలోంచి డబ్బు పోయిన సంగతి వాడికి తెలియదు, ఆ మెసేజీ వాడి ఫోనుకు రాదు కదా. మిషన్‌ను నాలుగు తిట్టి, బండి మీద ఉప్పల్ పోయి, అక్కడ ఇంకోసారి ఇరవై వేలు తీసుకొచ్చాడు. తిరుపతి ఫోనులో మాత్రం రెండు మెసేజీలున్నాయి.

"ఇంకో ఇరవై వేలు యాడబెట్టినవ్‌రా?"

"ఏ ఇరవై వేలు బావా? నాచారం మిషన్ల పైసల్ రాలే. ఉప్పల్ల తీస్కొచ్చిన."

"పోయినయని మెసేజొచ్చె! నన్ను ఎడ్డోణ్ణి జేస్తున్నవా?"

రెండో దెబ్బకు రంజిత్ మోకాళ్ల మీద పడ్డాడు. మూడోది కావ్య భుజానికి తగిలింది, తమ్ముడికి అడ్డంగా పడింది కనుక.

"ఆగు! జర ఆగు! నేను బ్యాంకుకు రాస్త. మిషన్ ఇయ్యకుంటే ఆళ్లే వాపస్ ఏస్తరు."

తిరుపతి పైపు విసిరేశాడు. "రాయి. ఇచ్చినమని ఆళ్లు జెప్పిన్రనుకో, వీని చెయ్యి ఇరగ్గొడ్త. నీ మీద ఒట్టు."

ఒట్టేస్తే తప్పే మనిషి కాదని కావ్యకు తెలుసు. మంచి పనుల మీద మాత్రం ఆయన ఎప్పుడూ ఒట్టేయలేదు. వెంటనే షెడ్డు ఈమెయిలు తెరిచి రాసింది. ఖాతా చివరి నాలుగు అంకెలు, తేదీ, ఏటీఎంలో ఇరవై వేలు రాకపోయినా ఖాతాలో కోశారు, దయచేసి తిరిగి జమ చేయండి.

ఆ తర్వాత వారం రోజులూ షెడ్డు పని ఆగలేదు. రంజిత్ వంగలేని వీపుతోనే వెల్డింగ్ చేశాడు. తిరుపతి దాగలి దిమ్మె మీద ఇనుప పట్టీలు పెట్టి, అవసరానికి మించి బలంగా సుత్తితో బాదాడు. ప్రతి దెబ్బకూ కావ్య ఉలిక్కిపడేది.

జవాబు ఆమెకంటే ముందు మొగుడికే చేరింది. 'మీ ఫిర్యాదు పరిశీలించాం. నగదు వెలువడింది. ఫిర్యాదు ముగించాం' అని ఫోనుకు మెసేజీ వచ్చింది.

తిరుపతి మెసేజీ చదివాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు, నాలుగడుగుల్లో రంజిత్‌ను చేరాడు, కుడి మణికట్టు దొరకబుచ్చుకుని దాగలి మీదికి లాగాడు. వాడు కాళ్లతో తన్నాడు, రెండో చేత్తో బావ మొహం గీరాడు, "బావా, పెద్దమ్మ తల్లి మీద ఒట్టు, నేను తియ్యలే" అని అరిచాడు. కావ్య మొగుడి నడుము పట్టుకుని వెనక్కి గుంజింది. మోచేత్తో ఒక్కటిచ్చాడు, పెదవి చిట్లి ఆమె నోరంతా రక్తమైంది. సుత్తి లేచింది, పడింది. మళ్లీ లేచింది. ఎముక విరిగిన చప్పుడు ఇనుము చప్పుడులా ఉండదు. అది ఆమె చెవిలో ఇక ఎప్పటికీ ఉండిపోయే చప్పుడు.

దవాఖానాలో రంజిత్ తనే చెప్పాడు. "చెయ్యి మీద గేటు పడ్డది సార్." డాక్టరు అక్క పెదవి వైపు చూశాడు, తమ్ముడి చేతి వైపు చూశాడు, నమ్మలేదు. వేళ్లు మునుపటిలా ముడుచుకోవడం కష్టమన్నాడు.

ఆపరేషన్ జరుగుతుంటే బయట బల్ల మీద కూర్చుని కావ్య బ్యాంకు పంపిన పూర్తి జవాబు తెరిచింది. కళ్లు తుడుచుకుని మొదటి నుంచి చదివింది. కింద చిన్న అక్షరాల్లో వాళ్లు పరిశీలించిన ఏటీఎం ఎక్కడిదో ఉంది. ఉప్పల్.

ఒకటే రోజు, ఒకటే మొత్తం, రెండు మిషన్లు. ఏ మిషనో ఆమె రాయలేదు. బ్యాంకువాడు డబ్బిచ్చిన మిషన్‌ను చూసి ఇచ్చామన్నాడు. సుత్తి ఎత్తింది మొగుడే, ఆ పాపం వాడిదే. అయినా తను వదిలేసిన ఒక్క మాట తమ్ముడి చేతి మీద పడిందని ఆమెకు అర్థమైంది. ఏడుపు ఆపి, అక్కడే ఫోనులో స్టేట్‌మెంటు తీసి, బ్యాంకు ఫిర్యాదుల అధికారికి తనకు వచ్చిన ఇంగ్లీషులో రాసింది. సారాంశం ఇది:

"విషయం: నాచారం ఏటీఎంలో నగదు రాకున్నా ఖాతాలో కోత. మూసిన ఫిర్యాదు తిరిగి తెరవాలి.

మా కరెంటు ఖాతా చివరి అంకెలు 4417, కార్డు చివరి అంకెలు 9032. జూన్ 14 ఉదయం 11.12కు నాచారం చౌరస్తా ఏటీఎంలో రూ. 20,000 కోశారు, నగదు రాలేదు. లావాదేవీ నంబరు గుర్తు పెట్టిన స్టేట్‌మెంటు, మీ పాత జవాబు జతచేశాను. అదే రోజు 11.47కు ఉప్పల్‌లో తీసిన రూ. 20,000 మాకు ముట్టాయి, వాటి మీద ఫిర్యాదు లేదు. మీరు పరిశీలించింది వాటినే.

కోరుతున్నది: నాచారం ఏటీఎం రికార్డు, ఆ రోజు అందులో లెక్కకు మించి తేలిన నగదు సరిచూసి, రూ. 20,000 అదే ఖాతాలో జమ చేయాలి. రిజర్వు బ్యాంకు పెట్టిన ఐదు రోజుల గడువు దాటింది గనుక దాటిన ప్రతి రోజుకూ వంద రూపాయల పరిహారం కలపాలి. నగదు వెలువడలేదని రాసివ్వాలి. నెలలోగా పరిష్కారం కాకుంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు వెళ్తాం."

పిన్ ఎవరికీ చెప్పకూడదని తెలుసు, అది రాయలేదు. మిగతాదంతా మూడుసార్లు చదివి పంపింది.

రెండో జవాబు వచ్చిన పొద్దున రంజిత్ షెడ్డుకు వచ్చాడు, తన సామాను తీసుకుపోవడానికి. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది, వేళ్ల కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఎడమ చేత్తో సంచిలో ఒక్కొక్కటే వేసుకుంటున్నాడు. తిరుపతి ఫోను మోగింది. చూసుకుని, అక్కడే ఇనుప చట్రం మీద కూలబడ్డాడు.

"సదువు," అంటూ కావ్య తన ఫోను ముందుకు తోసింది. "గట్టిగ సదువు. వాడు గూడ ఇనాలె."

తిరుపతి కూడబలుక్కుంటూ చదివాడు. నాచారం మిషన్‌లో నగదు లెక్క కంటే ఎక్కువ తేలింది. లావాదేవీలో నగదు వెలువడలేదు. ఇరవై వేలూ, పరిహారమూ జమ చేశాం. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.

ఆయన లేచాడు. సుత్తి తెచ్చి రంజిత్ ముందు పెట్టాడు, తన కుడి చెయ్యి దాగలి మీద పరిచాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"కొట్టు తమ్మీ. నాది గూడ ఇరగ్గొట్టు. నీ కడుపు సల్లబడే దాంక కొట్టు."

కావ్య ఆపలేదు. ఆపాలని కూడా ఆమెకు అనిపించలేదు, కొట్టాలనే కోరుకుంది. రంజిత్ ఎడమ చేత్తో సంచి పట్టుకునే, కట్టు చెయ్యి సుత్తి మీదికి చాచాడు. వేళ్ల కొసలు పిడిని తాకాయి, ముడుచుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"పట్టు దొరుకుతలేదు బావా," అన్నాడు.