వాసన పోయిన చీర

శ్రీకాళహస్తిలో మా అమ్మ భారతమ్మ అంగట్లో చీర కొనాలంటే ముందు వాసన చూడాలి, ధర తర్వాత. కలంకారీ గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెడతాం. ఎంత ఉతికినా ఆ పుల్లటి వాసన కొన్నాళ్లు వదలదు. అమ్మ మడత విప్పి నేరుగా కొనేవాళ్ల ముక్కు దగ్గర పెట్టేది. "ఈ వాసన లేకుంటే అది మిల్లు గుడ్డ. నా కాడైనా కొనొద్దు," అనేది. అదే మా బోర్డు, అదే మా ప్రచారం.

ఆ భవనాన్ని లాడ్జీ చేస్తానని యజమాని మమ్మల్ని ఖాళీ చేయించాడు. వేరే చోట అద్దెలు వింటేనే కళ్లు తిరిగాయి. అన్న మోహన్‌కృష్ణ ఆన్‌లైన్ అంగడి పెట్టాడు. పాపం, శ్రద్ధగానే పెట్టాడు. పాత అంగడి బోర్డు మీది కుంకుమరంగు, అమ్మ ఫోటో, ప్రతి చీర కిందా అమ్మ మాటలు. అది నిలవకపోతే మా పనివాళ్లు కలం పక్కన పడేసి ఆ లాడ్జీలోనే గదులు ఊడ్చుకోవాలి.

ఫోన్‌లో ఆ మాటల్లో రెండు వరుసలే కనిపిస్తాయి. వాసన సంగతి "ఇంకా చదవండి" కింద పడిపోయింది. దాన్ని నొక్కే ఓపిక ఎవరికుంది? చీరలు వెనక్కి రావడం మొదలైంది. "కుళ్లు కంపు", ఒక్క నక్షత్రం. "కట్టి విడిచిన చీర పంపారు", ఒక్క నక్షత్రం. నాకు ఒళ్లు మండింది. అన్న ఆ మాటను పైకి తెచ్చి పెడితే, అసలు కొనేవాళ్లే తగ్గిపోయారు.

"సెంటు నీళ్లలో ముంచి పంపుదామ్మా," అన్నాడు చివరికి.

"వాసన తీసేస్తే ఇంకేం మిగుల్తాదిరా?" అంది అమ్మ.

"అంగడి మిగుల్తాది."

అన్న చీరలను సెంటు నీళ్లలో ముంచాడు, పేజీలోంచి వాసన మాట తీసేశాడు. రంగులు కాస్త వెలిసినా ఫోటోలో తెలియదు కదా. నక్షత్రాలు పెరిగాయి, ఆర్డర్లూ పెరిగాయి.

మొన్న పూతలపట్టు ఆనందమ్మకు పంపిన చీర తిరిగొచ్చింది. కూతుళ్ల పెళ్లిళ్లన్నిటికీ అమ్మ దగ్గరే కొన్న మనిషి. సాయంత్రం ఫోన్ చేసింది.

"భారతమ్మక్కా, నీ ఫోటో పెట్టుకోని ఎవురో దొంగ సరుకు అమ్ముతాండారు. వాసన సూసి కనిపెట్టినా. ఊరికే ఇడ్సొద్దు, పోలీసులకు సెప్పు."

"అట్నే సెప్తాలే," అంది అమ్మ.

ఫోన్ పెట్టేసి చీర మడత విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మనదేనా అమ్మీ ఇది?"

"మనదేమ్మా." నాకు ఏడుపొచ్చింది.

"అయితే ఆ ఫోటో తీసేయమని సెప్పు మీ అన్నకు."

వెళ్లి చెప్పాను. అన్న పొట్లాలు కడుతూ తల కూడా ఎత్తలేదు.

"యాడ తీసేది? అమ్మ మొగం సూసే కదమ్మీ కొంటాండేది."