చల్లని లోగోకు జవాబు

గిన్నెలు కడిగి, అత్తగారికి మాత్రలిచ్చి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి నేను బొటిక్ తలుపు తీసేసరికి గడప లోపల ఒక కవరు పడి ఉంది. రాసినావిడ రిటైరైన లెక్కల టీచరు. పదకొండేళ్ళుగా మా దగ్గరే బట్టలు కుట్టించుకుంటున్నారు.

‘అమ్మాయ్, మీ కొత్త లోగో మరీ చల్లగా ఉంది. పలకరించినా పలకని మనిషి ముఖంలా ఉంది. ఆపరేషన్ తరవాత నా ఎడమ చెయ్యి వాచిపోతే, నేను నోరు తెరిచి అడగకుండానే జాకెట్టుకు ఆ ఒక్క చేతినే వదులుగా కుట్టిచ్చావు. ఆ షాపు ఇది కాదేమో అనిపించి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను.’

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు ఆ ఉత్తరం మా ఆయనకు చూపించాను. ఆయన పకపకా నవ్వారు.

“చల్లగా ఉందంటే దీవించిందన్నమాటే కదా! ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, కాలంతోపాటు మేమూ మారుతున్నాం’ అని రెండు ముక్కలు రాసి పడెయ్యి.”

“మా కోడలికి ఏదో కాలక్షేపం,” అని అందరికీ చెప్పే అత్తగారు, “దానికి కూడా జవాబా?” అన్నారు.

షాపుకు తిరిగి వచ్చి ఆయన చెప్పినట్టే రాశాను. చదివితే ముఖం మీద తలుపు వేసినట్టుంది. ఆవిడ చెప్పింది తన బాధ. నేను రాసింది వాదన. చింపేశాను.

రెండోసారి కారణాలు రాశాను. పాత లోగో నా చేతిరాతే. గుడ్డ మీద సుద్దతో గీసినట్టు, చివరి అక్షరం తోక సూదిలోకి దూరిన దారంలా ఉండేది. మెడ వెనక కుట్టే చిన్న లేబులు మీద నేసేటప్పుడు ఆ సన్నగీత తెగిపోయేది. ఫోనులో గుండ్రటి బొమ్మగా పెడితే తోక కత్తిరించుకుపోయి, మిగిలింది మరకలా కనిపించేది. రోడ్డు అవతలినుంచి బోర్డు చదవలేకపోయేవాళ్ళు. ఇవన్నీ నిజాలే. కానీ మార్చిన రోజు మా ఆయన అన్నది వేరు: “ఇల్లాలి చేతిరాతలా ఉంది, ఎవరు లెక్కచేస్తారు?” డిజైనరు చేత అన్నీ ఒకే మందంలో నిటారు గీతలు గీయించారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ. తెలుపు మీద నలుపు. ఎక్కడా ఒక వంపు లేదు. లేబులు మీద మాత్రం చక్కగా నేస్తున్నారు.

కారణాలు చెప్పి ఊరుకుంటే జవాబు కాదు. ఏం చేస్తామో చెప్పాలి. డిజైనరుకు ఫోన్ చేశాను. మూలలు కాస్త గుండ్రంగా చేసి, అక్షరాలు దగ్గరికి జరిపి, నలుపు బదులు ముదురు గోధుమరంగు వేసి, బట్టలకు వేలాడే అట్టముక్క మీద మాత్రం నా చేతిరాత పెట్టొచ్చా అని అడిగాను.

“భేషుగ్గా పెట్టొచ్చు మేడమ్, అరపూట పని. కానీ సార్ ఒప్పుకోవాలి. లోగో ఆయన పేరు మీదే రిజిస్టరయింది కదా. పాతది కూడా.”

ఆయనకు ఫోన్ చేశాను.

“పాతది మీ పేరు మీదెందుకుంది?”

“నువ్వే సంతకం పెట్టావుగా! ఇంట్లో ఎవరి పేరున ఉంటే ఏంటి? అట్టముక్కలూ వద్దు, ఏమీ వద్దు. నీకు కుట్టడం వచ్చు, అది చూసుకో.”

అవును, పెట్టాను. షాపు తెరిచిన కొత్తలో ఒకరోజు, ఎవరివో పెళ్ళిబట్టలు మర్నాటికల్లా ఇవ్వాలి. నోట్లో గుండుసూదులు పట్టుకుని అంచు మడుస్తుంటే, “ఇక్కడ గీకు,” అని కాగితం ముందుకు తోశారు. దేనికని అడగడానికి నోరు ఖాళీ లేదు. సూదులు లేనప్పుడు మాత్రం ఏం అడిగాను? పదకొండేళ్ళుగా నా రాతను నేనే పరాయి సొత్తుగా వాడుకుంటున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

బల్ల మీద ఇంకో కాగితం తీసుకున్నాను.

‘టీచరుగారూ, గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళారని చదివి బాధపడ్డాను. కొత్త లోగో నాకూ చల్లగానే అనిపిస్తోంది. చిన్న లేబులు మీద పాతది నిలవదు, అందుకు మార్చడం అవసరమే. ఇలా మార్చడం మాత్రం అవసరం కాదు. దాన్ని సరిదిద్దే మార్గం కూడా తెలుసుకున్నాను. కానీ సరిదిద్దుతానని మీకు మాటివ్వలేను. ఆ హక్కు నాకు లేదట, ఈరోజే తెలిసింది. మీ చేతి కొలత మాత్రం నా పుస్తకంలో అలాగే ఉంది. వస్తే కుడతాను. రాకపోయినా తప్పు పట్టను.’

కింద సంతకం చేసి, అలవాటుగా ‘యజమాని’ అని రాశాను. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన ‘దర్జీ’ అని రాసి, కవరు అంటించాను.