పిలిస్తే పలికిన ట్యాంకు

చనిపోయిన మనిషి మూడుసార్లు పలికాడని నివేదికలో ఉంది. అది చూసి ఎవరూ ఉలిక్కిపడినట్టు లేదు. కింద సంతకాలన్నీ పద్ధతిగా ఉన్నాయి.

మాది వంటనూనె ఫ్యాక్టరీ. నేను సేఫ్టీ ఆఫీసర్ని. అరవై పేజీల విచారణ నివేదికను రెండు పేజీలకు కుదించి భద్రతా కమిటీ ముందు పెట్టాలి. ఏం జరిగింది, దానికి దారితీసిన కారణాలేమిటి, ఇకమీదట ఏం చేయాలి. అంతే. కమిటీ సభ్యులు అరవై పేజీలు చదవరు. ఆ రెండు పేజీల్లో లేనిది ఇక జరగనట్టే లెక్క.

నూనె పాడవకుండా ట్యాంకుల్లో నైట్రోజన్ నింపుతాం. దానికి రంగూ వాసనా ఉండవు. గాలి స్థానంలో అది చేరితే మనిషికి ఊపిరాడడం లేదని కూడా తెలియదు, అలా కూలిపోతాడంతే. ఒకటో ట్యాంకు కడగడానికి దిగిన కుర్రాడు అలాగే కూలిపోయాడు. బయట, ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్నది అతని మామగారు. అల్లుడు "మావయ్యా" అని పిలుస్తుంటే విని ఫ్యాక్టరీ అంతా ఆయన్ని మావయ్యా అనడం మొదలుపెట్టింది. నేనూ అంతే.

కాపలా మనిషి కాసేపటికోసారి "ఉన్నావా?" అని అరవాలి. లోపలివాడు "ఉన్నా" అనాలి. ఆవిరి గొట్టాల చుట్టలు అడ్డం కాబట్టి మనిషి కనబడడు, మాటే ఆధారం. చివరిదాకా జవాబు వచ్చిందని మావయ్య వాంగ్మూలం. చివరి మూడు పిలుపుల నాటికి ప్రాణం ఉండే అవకాశమే లేదని డాక్టరు అభిప్రాయం.

"ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికి ఏముందమ్మా?" అన్నాడు మేనేజరు. "పెద్దాయన కునుకు తీశాడు. పిలిచానని అబద్ధం చెప్పాడు. కారణం, కాపలాదారు నిర్లక్ష్యం. చర్య, ఉద్యోగం నుంచి తీసేసి మిగతావాళ్లకి ట్రైనింగ్ ఇవ్వడం. ఒక్క పేజీలో అయిపోద్ది."

అన్నిటికీ ట్రైనింగే మందనే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మూసిన నైట్రోజన్ వాల్వు కారుతుంటే దానికీ ట్రైనింగ్ ఇస్తారా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ వాల్వు కారుతోందని అదే నివేదిక ఇరవయ్యో పేజీలో ఉంది.

మావయ్య ఉద్యోగం సంగతి అటుంచితే, ఆయన కూతురు ఆయనతో మాట్లాడడం మానేసింది. భర్త లోపల పోతుంటే తండ్రి బయట నిద్రపోయాడని ఆమె నమ్మింది. ఇప్పుడు నేను రాసే రెండు పేజీలు దాన్ని ఖాయం చేస్తాయి.

పలికింది చచ్చినవాడేనని ఫ్యాక్టరీలో మరో గుసగుస మొదలైంది. ఆ ట్యాంకు పక్కగా ఎవరూ ఒంటరిగా నడవడం లేదు. పట్టపగలే చుట్టూ తిరిగి పోతున్నారు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా నిజం చెప్పాలంటే, ఆ వారం నేనూ చుట్టూ తిరిగే వెళ్లాను.

జరిగిన క్రమం రాయాలంటే ముందు వాంగ్మూలాలన్నిటినీ ఒకే కాలపట్టీ మీద పెట్టాలి. నివేదికలో ఎవరి గోడు వాళ్లదిగా విడివిడిగా ఉన్నాయి. అదే సమయంలో పక్కనున్న రెండో ట్యాంకులోనూ ఒకతను కడుగుతున్నాడు. "మా కాపలావాడు ఊపిరి తిప్పుకోనివ్వకుండా పిలుస్తూనే ఉన్నాడు, ప్రతిసారీ పలికాను" అన్నాడతను. అతని కాపలావాడేమో అన్నిసార్లు పిలవనేలేదన్నాడు. ఆ రెండూ పక్కపక్కన రాసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. పిలవని పిలుపులకు అతను ఎలా పలికాడు?

డ్రాయింగు తీసి చూశాను. రెండు ట్యాంకుల పైభాగాలనూ కలుపుతూ లావుపాటి గొట్టం ఉంది. గ్యాసు ఒత్తిడి సమానంగా ఉండడానికి వేసింది. మనుషులు దిగే ముందు నైట్రోజన్ గొట్టాన్నీ దీన్నీ విడదీసి ఇనుప పలకలు బిగించాలి. ఆ రోజు నైట్రోజన్ వాల్వు మూసి వదిలేశారు, ఈ గొట్టం జోలికే పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మావయ్యను వెంటబెట్టుకుని ఒకటో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. లోపలికి ఎవరూ దిగకూడదని కట్టడి చేశాను. రెండో ట్యాంకు మూత బయట ఆ కడిగే అతన్నే నిలబెట్టి, పిలుపు వినబడితే పలకమన్నాను. ఏర్పాటు చేసింది నేనే, ఏం జరగబోతోందో తెలిసిందీ నాకే.

"ఉన్నావా?" అని మావయ్య అరిచాడు.

"ఉన్నా."

ఆ మాట పక్క ట్యాంకులోంచి వచ్చినట్టే లేదు. ఎదురుగా, ఖాళీగా ఉన్న ఆ చీకట్లోంచి, అడుగు దూరంలో మనిషి ఉన్నట్టు వచ్చింది. ఇనుములో దొర్లి దొర్లి ఎవరి గొంతో తెలియకుండా అయిపోయింది. ఎవరిదనుకుంటే వాళ్లదే.

మావయ్య మ్యాన్‌హోల్ అంచు వదిలి నా వైపు తిరిగాడు.

"చివరి మూడుసార్లూ ఇంతేనమ్మా. ఉన్నా అని ఊరుకున్నాడు. ఎప్పుడూ 'ఉన్నా మావయ్యా' అంటాడు. పొద్దున ఇంట్లో మాటామాటా అనుకున్నాం. అలిగాడు కాబోలు, బయటికొచ్చాక బతిమాలుకుందాం అనుకున్నా."

ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. కళ్లు తుడుచుకుని, "ఇది మీరు విచారణలో చెప్పలేదు. ఇప్పుడు రాస్తే, తేడా తెలిసీ ఊరుకున్నాడంటారు," అన్నాను.

"రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి. కునుకు తీశానంటే మాత్రం తట్టుకోలేను."

విచారణాధికారికి చెప్పి ఆ వాంగ్మూలాన్ని నివేదికకు చేర్పించాను. తర్వాత రెండు పేజీలూ రాశాను. క్రమంలో: చివరి మూడు జవాబులు రెండో ట్యాంకు నుంచి వచ్చి ఉండవచ్చు, పరీక్షలో అది సాధ్యమేనని తేలింది, 'మావయ్యా' అన్న మాట లేకపోవడం కాపలాదారు గమనించారు. కారణాల్లో: గొట్టాలు విడదీయలేదు, వాల్వు కారింది, గాలిని పొద్దున ఒక్కసారే పరీక్షించారు, లోపలి మనిషి దగ్గర గ్యాసు మీటరు లేదు, కంటికి కనబడని మనిషికి గొంతొక్కటే ఆధారమైంది, జవాబులో తేడా వస్తే పని ఆపాలని ఎక్కడా చెప్పలేదు. ప్రతి చర్య పక్కనా ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, చేశారని ఎవరు చూడాలో రాశాను. ఎక్కువ చోట్ల మేనేజరు పేరే వచ్చింది.

కమిటీలో ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "నిర్లక్ష్యం అన్న మాటే లేదేంటి?" అన్నాడు. "దానికి ఆధారం ఏ పేజీలో ఉందో చూపించండి, రాస్తాను," అన్నాను. పేజీలు తిప్పాడు, తిప్పి మూసేశాడు. కార్మికుల తరఫు సభ్యురాలు ఆ క్రమాన్ని పైకి చదివింది. 'మావయ్యా' అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఎవరూ వాదించలేదు. చర్యలన్నీ ఖాయమయ్యాయి. ఆ కాగితం చదివిన మావయ్య కూతురు సాయంత్రం తండ్రి దగ్గరికొచ్చి, "తిన్నావా నాన్నా?" అందట. ఆయనే చెప్పాడు.

గొట్టానికి పలక బిగించే రోజు మాత్రం మావయ్య అడ్డుపడ్డాడు.

"అవతల ఎవరన్నా మాట్లాడితే ఇందులో వినబడుతుందమ్మా. రోజూ వచ్చి వింటున్నా. వాడు కాదని తెలుసు. అయినా కొన్నాళ్లు ఉండనివ్వకూడదూ?"

"ఇంకో మనిషి దిగుతాడు మావయ్యా," అన్నాను. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

పలక బిగించాక పని జరిగిందో లేదో నేనే తేల్చాలి. ఆ గొట్టంలో గాలి నింపి, ఒత్తిడి తగ్గడం లేదని చూశాను. తర్వాత రెండో ట్యాంకు మూత దగ్గర అదే మనిషిని గట్టిగా పలుకుతూ ఉండమన్నాను. పిలవడం నా వంతు. కానీ మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి ముందుకొచ్చాడు.

"ఉన్నావా?"

ట్యాంకు పలకలేదు. ఆయన మళ్లీ పిలిచాడు. లోపల ఆయన గొంతే గుండ్రంగా తిరిగి అణిగిపోయింది. ఆయన చెవి ఒగ్గి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఆ రోజు ఇట్టా ఉండుంటే," అన్నాడు, "బయటికి లాగేసేవాణ్ణమ్మా."