ఉగాదికి ముందటి పుస్తె

శుభలేఖ చదవగానే సుమిత్రకు ఒళ్ళు మండిపోయింది. మోండా మార్కెట్‌లో తమ ఇత్తడి సామాన్ల కొట్లో ఉన్నానని కూడా చూడలేదు, కార్డు తీసి బల్ల మీద విసిరికొట్టింది.

"వచ్చే ఏడు ఫాల్గుణంల షష్టిపూర్తా? ఎవడు పెట్టిండ్రా ఈ ముహూర్తం?"

"నేనే లెక్కగట్టిన, అమ్మా" అన్నాడు కొడుకు రాఘవేందర్. "ఇంగ్లీషు సంవత్సరానికి యాభై నాలుగు కలిపి అరవైతోని భాగిస్తే మిగిలిందే పేరు. బాపు పుట్టింది అరవై ఆరుల. నలభై మిగిలింది. ప్రభవ నుంచి నలభయ్యోది పరాభవ. అది ఈ ఉగాదికే షురూ అయితది. దాంట్ల ఫాల్గుణం అంటే వచ్చే ఏడే కదా!"

"ఏడాది మారేది జనవరిలనా, ఉగాదికా?"

రాఘవేందర్ బల్ల మీది కార్డు తీసి మళ్ళీ చూసుకున్నాడు.

"మీ బాపు పుట్టింది మార్చిల. పురుడు స్నానమైన మర్నాడే ఉగాది అని మీ నానమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ఉగాదికి ముందు పుడితే ఒకటి తియ్యాలె. ముప్పై తొమ్మిదోది విశ్వావసు. అంటే ఇప్పుడు నడిచేదే! ఇంకో రెండు వారాలల్ల అయిపోతది!"

"హాల్ బుక్ చేసిన. అందరికీ చెప్పిన. ఒక్క ఏడాదితోని ఏమైతదమ్మా?"

ఏమవుతుందో సుమిత్రకు తెలుసు. పోయినేడు భర్తకు గుండె ఆపరేషన్ జరుగుతుంటే, గది బయట కూర్చుని మొక్కుకుంది. బతికి బయటపడితే, పుట్టిన ఏడు తిరిగొచ్చిననాడు ఈయన చేత మళ్ళీ పుస్తె కట్టించుకుంటానని. ఆ ఏడు కాస్తా చేయి జారిపోతోంది.

గల్లా దగ్గర భర్త తుకారాం తల వంచుకుని, తుడిచిన చెంబునే మళ్ళీ తుడుస్తున్నాడు. ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, లెక్క తప్పని నీకు ఎరికేనా?"

"ఎరికే" అన్నాడు మెల్లగా. "పిల్లగాడు అంత సంబురంగా చేస్తుంటే పరేషాన్ చెయ్యుడెందుకని..."

కొడుకు మీది కోపమంతా మొగుడి మీదికి మళ్ళింది. "వాని సంబురం కనబడ్డది, నా మొక్కు కనబడలే! ఆ గది బయట నేనెట్ల కూసున్ననో నీకేం తెల్సు?" అంటూంటే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

ఆదివారం ఫాల్గుణ బహుళ పంచమి, తుకారాం పుట్టిన తిథి. కార్ఖానా బస్తీలో వాళ్ళ ఇంటి ముందు గదిలో, సోఫాలు గోడకు జరిపి పీటలు వేశారు. హాలు లేదు, మేళం లేదు. సుమిత్ర పట్టుబట్టి రెండు రోజుల్లో అన్నీ సిద్ధం చేయించింది. అయ్యగారు సత్యదేవ్ శర్మ సంకల్పం అందుకుని, "విశ్వావసు నామ సంవత్సరే" అనగానే ఆమె కొడుకు వైపు గుర్రుగా చూసింది. వాడు పళ్ళెంలో అక్షింతలు సర్దుతున్నట్టు నటించాడు.

"మరి ఆ హాల్ ఏం చేద్దామమ్మా?" అన్నాడు చిన్నగా.

"వచ్చే ఏడు నీ దోస్తులను పిలిచి బువ్వ పెట్టుకో."

తుకారాం పుస్తె పట్టుకుని లేచాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన చేతుల్లో పట్టు లేదు. మొదటి ముడి జారిపోయింది.

సుమిత్ర మెడ వంచింది. కోపం ఇంకా దిగలేదు.

"జెర గట్టిగ కట్టు" అంది. "మల్ల ఈ ఏడు వచ్చెటాల్లకు మనిద్దరం ఉండం."